పదిహేను పాయింట్లు కలిశాయి, మనిషి మాత్రం వేరు

దొంగతనం వార్త ఏ పత్రికలో చదివినా చివర ఒక వాక్యం ఉంటుంది: క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు సేకరించింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో వార్తలో ఉండదు. చదివేవాళ్లు తమకు తోచినట్టు ఊహించుకుంటారు. ముద్రను కంప్యూటర్‌లో వేస్తారు, అది వెతికి ఒక పేరు చెబుతుంది, ఇద్దరి వేలిముద్రలు ఒకేలా ఉండవు కాబట్టి ఆ పేరున్నవాడే దొంగ.

ఈ ఊహలో ఒక్క ముక్క నిజం. ఏ ఇద్దరి వేళ్లూ అచ్చంగా ఒకేలా ఉండవన్న మాటతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా అక్కడి నుంచి నేరుగా తీర్పు దాకా దూకడంతోనే. కోర్టు ముందుకు వచ్చేది వేలు కాదు. ఆ వేలు ఏ గ్లాసు మీదో, బీరువా తలుపు మీదో వదిలిన అరకొర మరక. ఆ మరకను చూసి ఇది ఫలానా మనిషిదని చెప్పేది యంత్రం కాదు, ఒక నిపుణుడు. అతను ఎంత అనుభవజ్ఞుడన్నది ముఖ్యమే. కానీ అంతకంటే ముఖ్యమైనది, అతను దేన్ని ముందు చూశాడు, దేన్ని తర్వాత చూశాడు అన్నది. వేలిముద్రల విషయంలో జరిగిన అతి పెద్ద పొరపాట్లలో ఒకటి ఈ వరుస తప్పడం వల్లే జరిగింది. దాన్ని వివరంగా చెప్పాలంటే ముందు అసలు వేలి మీద ఉన్నదేమిటో చూడాలి.

వేలి మీద ఉన్నది

మనం గీతలు అంటున్నవి నిజానికి చర్మంలో లేచిన సన్నటి గట్లు. నిపుణులు రిడ్జ్‌లు అంటారు. పెద్దవాళ్ల వేలి మీద ఒక గట్టు నడుమ నుంచి పక్క గట్టు నడుమకు దాదాపు అర మిల్లీమీటరు దూరం ఉంటుంది. గట్టు పొడవునా చెమట రంధ్రాలు ఉంటాయి. అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ ఇదే చర్మం.

ఇవి పుట్టుకకు చాలా ముందే ఏర్పడతాయి. గర్భంలో ఏడెనిమిది వారాల పిండానికి వేళ్ల కొసల దగ్గర చిన్న మెత్తలు లేస్తాయి. పది వారాలు దాటాక, ఆ మెత్తలు మెల్లగా అణుగుతున్న సమయంలో, పైచర్మం అడుగు పొరలో కణాలు వరుసలు వరుసలుగా వేగంగా విభజన చెంది కిందికి మడతపడతాయి. పైకి కనిపించే గట్టు ఈ అడుగు మడతకు ప్రతిరూపమే. పదిహేడో వారానికల్లా ఆకృతి స్థిరపడుతుంది. ఇరవై నాలుగో వారానికి పని దాదాపు పూర్తవుతుంది. ఆ తర్వాత వేలు పెరిగేకొద్దీ ముద్ర పెద్దదవుతుందే తప్ప మారదు.

ఏ వేలి మీద ఏ ఆకృతి వస్తుందన్నది ఎక్కువగా ఆ మెత్త తీరును బట్టి ఉంటుంది. గట్లు మొదలయ్యే వేళకు మెత్త ఎత్తుగా గుండ్రంగా ఉంటే చక్రం వస్తుంది. ఒక పక్కకు ఒరిగి ఉంటే లూప్ వస్తుంది, దాన్నే మన పెద్దవాళ్లు శంఖం అంటారు. బాగా అణిగిపోయి ఉంటే గట్లు ఒక వైపు నుంచి రెండో వైపుకు చిన్న వంపుతో సాగిపోతాయి, అది ఆర్చ్. మొత్తం వేళ్లలో నూటికి అరవై నుంచి అరవై ఐదు శంఖాలే. ముప్ఫై నుంచి ముప్ఫై ఐదు దాకా చక్రాలు, ఆర్చ్‌లు ఐదు దాకా. పిల్లాడి వేళ్ల మీద చక్రాలు లెక్కపెట్టి జాతకం చెప్పేవాళ్లు ఏమన్నా, ఆ లెక్క చెప్పేది కడుపులో ఉన్నప్పుడు వాడి వేలి మెత్త ఎంత ఎత్తు ఉందన్నదే.

గట్లు ఎలా పాకుతాయన్నది ఈ మధ్యే బాగా అర్థమైంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల బృందం 2023లో చూపించినదాని ప్రకారం ఇందులో మూడు రసాయన సంకేతాల పాత్ర ఉంది. రెండు సంకేతాలు గట్టు లేవడానికి ప్రోత్సాహమిస్తాయి, మూడోది అడ్డుకుంటుంది. వాటి పెనుగులాటలో గట్టు, ఖాళీ, గట్టు, ఖాళీ అన్న క్రమం పుడుతుంది. ఇది వేలంతటా ఒకేసారి మొదలు కాదు. మెత్త నడుమ ఒక చోట, గోరు కింద ఒక చోట, కణుపు మడత దగ్గర ఒక చోట మొదలై ఒకదాని వైపు ఒకటి పాకుతుంది. మూడు దిక్కుల నుంచి వచ్చినవి కలిసే చోట త్రిభుజం లాంటి ఒక కూడలి ఏర్పడుతుంది. నిపుణులు దాన్ని డెల్టా అంటారు.

మెత్త ఎత్తు, వేలి ఆకారం, ఏది ఎప్పుడు మొదలవుతుంది అన్నవాటిలో జన్యువుల పాత్ర ఉంది. అందుకే అన్నదమ్ముల వేళ్ల మీద ఒకే రకం ఆకృతులు కనబడటం మామూలే. కానీ వేలు ఎదుగుతూ గట్ల మధ్య ఖాళీ పెరిగినప్పుడు ఆ ఖాళీలో కొత్త గట్టు ఎక్కడ దూరుతుంది, ఏ గట్టు ఎక్కడ రెండుగా చీలుతుంది, ఏది ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఆ క్షణంలో ఆ కాస్త చోట ఉన్న ఒత్తిడిని బట్టి జరుగుతుంది. అది జన్యువులో రాసి లేదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు డీఎన్ఏ ఒకటే. వేళ్ల మీద ఆకృతులు కూడా చాలావరకు పోలి ఉంటాయి. చీలికలు, ముగింపులు మాత్రం వేరు. ఈ చీలికలనూ ముగింపులనూ మినూషియా అంటారు, మన బ్యూరోల్లో వాడుక మాట పాయింట్లు. పోలిక అంతా వీటి మీదే నడుస్తుంది. ఆకృతి కలిస్తే ఏమీ రుజువు కాదు, శంఖం ఉన్నవాళ్లు కోట్ల మంది. ఆకృతి స్పష్టంగా వేరైతే మాత్రం ఆ వేలిని పక్కన పెట్టేయవచ్చు.

మూలం అడుగు పొరలో ఉండటం వల్ల పైపైన గీసుకున్నా, కాలినా, సున్నంలోనో సిమెంటులోనో పనిచేసి అరిగినా గట్లు మళ్లీ పాత తీరులోనే లేస్తాయి. రేషన్ దుకాణంలో ఈ-పాస్ యంత్రం ముందు కూలి పని చేసేవాళ్ల వేలు పదే పదే తిరస్కరణకు గురికావడానికి కారణం అరుగుదలే, ముద్ర మారిపోవడం కాదు. లోతుగా తెగితే సంగతి వేరు. 2022 సెప్టెంబరులో రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కువైట్ నుంచి వెనక్కి పంపేసినవాళ్లు అక్కడి వేలిముద్రల తనిఖీకి దొరక్కుండా మళ్లీ వెళ్లడానికి, ఈ ముఠా వాళ్ల వేలి కొసల చర్మం కోసి కొంత కండ తీసి కుట్లు వేసేది. యంత్రాన్ని కొన్నాళ్లు ఏమార్చడానికి అది పనికొచ్చింది. మనిషి కళ్లతో చూసే నిపుణుడి దగ్గర అంత సులువు కాదు. కుట్టు పడిన చోటు తప్ప మిగతా వేలి మీద గట్లు అలాగే ఉంటాయి, పైగా ఆ మచ్చ కొత్త గుర్తు అవుతుంది.

మరక మీద ఉన్నది

వేలి సంగతి ఇంత గట్టిది. మరక సంగతి అలా కాదు.

స్టేషన్‌లో నిందితుడి వేలిని సిరా మీదో స్కానర్ మీదో ఒక గోరు అంచు నుంచి రెండో అంచు దాకా దొర్లించి తీసిన ముద్రలో డెబ్బై ఐదు నుంచి నూట యాభై దాకా పాయింట్లు దొరుకుతాయి. నేరం జరిగిన చోట దొరికే ముద్రను మన పోలీసులు చాన్స్ ప్రింట్ అంటారు. అందులో తరచుగా పదో పదిహేనో పాయింట్లు కనిపిస్తాయి, అవీ కొన్ని అనుమానంగా. వేలు పూర్తిగా ఆనదు. కాస్త జారుతుంది. గట్టిగా నొక్కితే చర్మం సాగి గట్లు లావెక్కుతాయి, మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. అప్పుడు ఆగిపోయిన గట్టు పక్క గట్టుకు అంటుకుని చీలికలా కనిపిస్తుంది. తేలిగ్గా తాకితే చీలిక దగ్గర ఒక కొమ్మ పడక ముగింపులా కనిపిస్తుంది. అందుకే ఒక చోట ముగింపు, రెండో చోట చీలిక కనబడితే నిపుణుడు వెంటనే తేడా అనడు. అందులో అబద్ధమేమీ లేదు, చర్మం స్వభావమే అంత. కానీ తేడాకు కారణం చెప్పుకునే అలవాటు ఇక్కడే మొదలవుతుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి.

ముద్రను పైకి తేల్చే పద్ధతి వస్తువును బట్టి మారుతుంది. గాజు, పింగాణీ, రంగు వేసిన ఇనుము లాంటి పీల్చుకోని వాటి మీద పొడి చల్లి మెత్తటి బ్రష్‌తో తేలుస్తారు. పొడి చెమటలోని తడికీ జిడ్డుకూ అంటుకుంటుంది. ఎక్కువ పొడి వేస్తే ఖాళీలు నిండిపోతాయి, బ్రష్ గట్టిగా ఆనిస్తే గట్లే తుడిచిపెట్టుకుపోతాయి. ప్లాస్టిక్ సంచుల లాంటివాటిని మూసిన పెట్టెలో పెట్టి, తేమ ఎనభై శాతం దగ్గర ఉంచి, సూపర్ గ్లూ ఆవిరి పట్టిస్తారు. ఆవిరి చెమట మీద గట్టిపడి తెల్లటి గీతలవుతుంది. కాగితం చెమటను పీల్చేసుకుంటుంది కాబట్టి దాని మీద పొడి అంతగా పనికిరాదు. నిన్‌హైడ్రిన్ పూస్తే చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు వస్తుంది. ఆ కాగితం అప్పటికే తడిసి ఉంటే అమైనో ఆమ్లాలు కొట్టుకుపోయి ఉంటాయి. అప్పుడు మిగిలిన కొవ్వును పట్టుకునే వేరే రసాయనం కావాలి. పద్ధతుల వరుస తప్పితే రెండో అవకాశం ఉండదు. ఏం చేసినా ముందు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి, టేపుతో ముద్రను ఎత్తడం ఆ తర్వాతే. ఇంట్లోవాళ్ల వేలిముద్రలు కూడా తీసుకుని వాళ్లవి తీసేశాకే మిగిలినవి పరిశీలనకు వెళ్లాలి.

ఇంకో సంగతి. ముద్ర ఎప్పుడు పడిందో నమ్మకంగా చెప్పే పద్ధతి ఏదీ లేదు. కదిలే వస్తువు మీద ముద్ర దొరికితే ఆ మనిషి ఎప్పుడో ఎక్కడో దాన్ని తాకాడన్నంత వరకే అర్థం.

పోలిక ఎలా జరుగుతుంది

కోల్‌కతాలో 1897లో వేలిముద్రల బ్యూరో మొదలైనప్పుడు పోలీసు అధికారులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ కలిసి నిలబెట్టిన వర్గీకరణ, వాళ్ల పై అధికారి హెన్రీ పేరుతో ప్రపంచమంతా పాకిన ఆ పద్ధతి, పది వేళ్ల ముద్రలూ ఉన్న కార్డును వెతికి తీయడానికి పుట్టింది. పది వేళ్లలో ఎక్కడెక్కడ చక్రాలున్నాయో చూసి కార్డులను 1024 గుంపులుగా విడగొట్టారు. ఒకే వేలి అరముక్క చేతిలో ఉంటే ఆ పద్ధతి ఎందుకూ పనికిరాదు. ఆ పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది. దేశమంతటికీ కలిపి 2022లో మొదలైన వ్యవస్థ పేరు నాఫిస్.

కంప్యూటర్‌కు మరక అర్థం కాదు. నిపుణుడు తెర మీద ఒక్కో పాయింటు దగ్గర గుర్తు పెట్టి, అక్కడ గట్టు ఏ దిక్కుకు సాగుతోందో చూపిస్తాడు. అంటే కంప్యూటర్ చేతికి వెళ్లేది కొన్ని చుక్కలు, వాటి మధ్య దూరాలు, కోణాలు. అది లక్షల ముద్రల్లో అలాంటి చుక్కల అమరిక ఎక్కడెక్కడ ఉందో వెతికి, ఎక్కువ పోలిక ఉన్నవాటిని మార్కుల వరుసలో పదో ఇరవయ్యో ఇస్తుంది. ఆ మార్కులు సంభావ్యత కావు. జాబితాలో మొదట ఉన్నవాడు అసలు మనిషి కాకపోవచ్చు. అసలు మనిషి ముద్ర నిల్వలోనే లేకపోయినా జాబితా మాత్రం నిండుగానే వస్తుంది.

ఇక్కడి నుంచి పని మనిషిది. ప్రపంచమంతటా దీన్ని నాలుగు మెట్లుగా చెబుతారు: విశ్లేషణ, పోలిక, నిర్ణయం, సరిచూడటం. విశ్లేషణ అంటే నిందితుడి ముద్ర ముఖం చూడకముందే మరకను ఒక్కదాన్నే ఎదురుగా పెట్టుకుని అందులో ఏది స్పష్టం, ఏది అనుమానం, ఎటు జారింది, అసలు ఇది పోలికకు పనికొస్తుందా అని తేల్చి రాసుకోవడం. పోలికలో ముందు ఒక చిన్న గుంపును ఎంచుకుంటారు. ఉదాహరణకు డెల్టాకు దగ్గరగా రెండు ముగింపులు, వాటి పక్కన ఒక చీలిక. నిందితుడి ముద్రలో అదే గుంపును వెతుకుతారు. దొరికితే అక్కడి నుంచి గట్లు లెక్కపెట్టుకుంటూ బయటికి నడుస్తారు. చీలిక నుంచి కుడికి నాలుగో గట్టు మరకలో ఆగిపోయి ఉంటే, రెండో దానిలోనూ నాలుగో గట్టే ఆగిపోవాలి. ఐదోది అయితే కాదు. పది చోట్ల కలిసినా ఒక్క చోట కారణం చెప్పలేని నిజమైన తేడా ఉంటే ఆ వేలు కాదు. చివరి మెట్టులో ఇంకో నిపుణుడు ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

కాగితం మీద ఇది చక్కటి పద్ధతే. ఇది ఎక్కడ విరిగిందో మాడ్రిడ్ సంచి చెబుతుంది.

ముద్ర నంబరు 17

2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో నాలుగు రైళ్లలో బాంబులు పేలి 191 మంది చనిపోయారు. అదే రోజు ఒక రైల్వే స్టేషన్ దగ్గర ఆగి ఉన్న వ్యాన్‌లో డిటొనేటర్లున్న నీలం ప్లాస్టిక్ సంచి దొరికింది. సంచి మీది ముద్రల్లో 17వ నంబరు ముద్రను స్పెయిన్ పోలీసులు ఇంటర్‌పోల్ ద్వారా అమెరికాకు పంపారు. ఎఫ్‌బీఐ నిపుణుడు అందులో ఏడు పాయింట్లు గుర్తుపెట్టి వెతికితే కంప్యూటర్ ఇరవై పేర్లిచ్చింది. నాలుగో పేరు ఓరెగాన్ రాష్ట్రంలో లాయరు బ్రాండన్ మేఫీల్డ్. సైన్యంలో పనిచేసినవాడు కాబట్టి అతని ముద్రలు నిల్వలో ఉన్నాయి.

నిపుణుడు మేఫీల్డ్ ఎడమ చూపుడు వేలి ముద్రనూ మరకనూ పక్కపక్కన పెట్టి చూసి పదిహేను పాయింట్లు కలిశాయన్నాడు. రెండో నిపుణుడు సరిచూసి అవునన్నాడు. విభాగాధిపతీ ఒప్పుకున్నాడు. ముగ్గురూ దశాబ్దాల అనుభవం ఉన్నవాళ్లు. ఏప్రిల్ 13న స్పెయిన్ పోలీసులు తాము చూశామని, కలవడం లేదని రాశారు. ఎఫ్‌బీఐ తన మాట మార్చుకోలేదు, మాడ్రిడ్‌కు మనిషిని పంపి ఒప్పించే ప్రయత్నం చేసింది. మే 6న మేఫీల్డ్‌ను నిర్బంధించారు. కోర్టు అతని తరఫున స్వతంత్ర నిపుణుణ్ని నియమిస్తే, మే 19న ఆయన కూడా ఇది మేఫీల్డ్ ముద్రే అని చెప్పాడు. అదే రోజు స్పెయిన్ నుంచి కబురు వచ్చింది, ఆ ముద్ర ఔనాన్ దావూద్ అనే అల్జీరియా దేశస్థుడి కుడి మధ్య వేలిదని. మరునాడు మేఫీల్డ్ బయటికి వచ్చాడు. మే 24న ఎఫ్‌బీఐ తన గుర్తింపును వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. 2006లో అమెరికా ప్రభుత్వం అతనికి ఇరవై లక్షల డాలర్లు చెల్లించింది.

మేఫీల్డ్ ఇస్లాం స్వీకరించినవాడు. అందుకే ఇరికించారని చాలామంది తేల్చేస్తారు. న్యాయశాఖ తనిఖీ అధికారి 2006లో ఇచ్చిన నివేదిక చెప్పేది కాస్త వేరు. మొదటి నిర్ణయం చేసినప్పుడు ఆ నిపుణులకు అతని మతం తెలియదు. తెలిశాక, స్పెయిన్ కాదన్నా తమ నిర్ణయాన్ని తిరిగి చూసుకోకపోవడంలో దాని పాత్ర ఉండవచ్చని నివేదిక అంది. తప్పు పుట్టింది మాత్రం పోలిక బల్ల దగ్గరే.

దావూద్ వేలికీ మేఫీల్డ్ వేలికీ అరుదైన పోలిక ఉంది. దాదాపు పది పాయింట్లు ఇద్దరి వేళ్ల మీదా ఒకే అమరికలో ఉన్నాయి. కోట్ల ముద్రల మధ్య, సరిగ్గా అలాంటి అమరిక కోసమే వెతికే యంత్రం దాన్ని బయటికి లాగింది. ఆ పది కనబడ్డాక నిపుణుడు మేఫీల్డ్ ముద్రలో ఉన్న మిగతా పాయింట్లను చూసి, అవి మరకలో ఉన్నాయేమోనని మసక భాగాల్లో వెతకడం మొదలుపెట్టాడు. మబ్బులో ఏనుగు ఉందని ఒకరు చెప్పాక మనకు తొండం కూడా కనిపిస్తుంది, అలా అవి దొరికాయి. మేఫీల్డ్ ముద్ర చూడకముందు లేని పాయింట్లు చూశాక పుట్టుకొచ్చాయి. పది పదిహేనైంది అలాగే. నివేదిక దీన్ని వెనక నుంచి ముందుకు నడిచిన తర్కం అంది.

మరక పైన ఎడమ వైపు భాగం మేఫీల్డ్ ముద్రతో ఏ మాత్రం కలవలేదు. అసలు అక్కడే ఆగాల్సింది. ఆ భాగం వేరే వేలు తాకడం వల్లో, అదే వేలు రెండోసారి తాకడం వల్లో పడిందని సర్దుకున్నారు. ఒక్కో తేడాకూ ఒక్కో కారణం, ఏదీ అసాధ్యం కాదు. కానీ అన్నీ ఒకే ముద్రలో జరిగి ఉండాలంటే నమ్మడం కష్టమని ఎవరూ కూడి చూడలేదు. ఇక పాయింట్లు చాలని చోట చెమట రంధ్రాలు, గట్టు అంచుల వంకర్ల లాంటి అతి చిన్న వివరాల మీద ఆధారపడ్డారు. ప్లాస్టిక్ మీద పడిన మరకలో అలాంటివి నిజంగా చర్మానివో, మరక లోపాలో చెప్పడం కష్టం. సరిచూసినవాళ్లకు ముందు నిర్ణయం తెలుసు. మొదటి నిపుణుడు అవునన్నదాన్ని కాదనడానికి వాళ్లు కూర్చోలేదు.

రెండేళ్ల తర్వాత, 2006లో, మనస్తత్వ శాస్త్రవేత్త ఇటియెల్ డ్రోర్, ఆయన సహచరులు చేసిన చిన్న ప్రయోగం ఈ బలహీనతను మరోలా చూపించింది. ఐదుగురు నిపుణులకు, గతంలో వాళ్లే ఒకే మనిషివని తేల్చిన ముద్రల జతలను ఇచ్చి, ఇవి మేఫీల్డ్ కేసులో తప్పు జరిగిన ముద్రలని చెప్పారు. నలుగురు తమ పాత నిర్ణయాన్ని మార్చుకున్నారు. ముగ్గురు కలవడం లేదన్నారు, ఒకరు చెప్పలేమన్నారు. ఐదుగురితో చేసిన పరీక్ష నుంచి శాతాలు తీయకూడదు. ముద్ర ఒకటే అయినా చుట్టూ చెప్పిన మాట మారితే చూపు మారుతుందని మాత్రం అది చూపించింది.

దీన్ని బట్టి వేలిముద్రల శాస్త్రమే బూటకమని అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2011లో వెలువడిన పెద్ద పరీక్షలో 169 మంది నిపుణులు ఒక్కొక్కరు వంద దాకా జతలు చూశారు. వేరువేరు మనుషుల ముద్రలను ఒకరివే అన్న తప్పు వెయ్యికి ఒకటి చొప్పున జరిగింది. ఒకే మనిషి ముద్రలను వేరు అన్న తప్పు నూటికి ఏడున్నర. అంటే శిక్షణ ఉన్న కన్ను చాలా బాగా పనిచేస్తుంది. అమాయకుణ్ని ఇరికించే వైపు కంటే దోషిని వదిలేసే వైపే ఎక్కువ పొరపడుతుంది. కానీ వెయ్యికి ఒకటి సున్నా కాదు. కోర్టులో నిలబడి నూటికి నూరు శాతం అనడానికి ఏ నిపుణుడికీ ఆధారం లేదు.

మన దగ్గర

మన దేశంలో ఎనిమిది పాయింట్లు కలిస్తే చాలన్న ఆనవాయితీ ఉంది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు పదహారు కావాలనేవారు, 2001లో ఆ నియమం తీసేశారు. అమెరికా నిపుణుల సంఘం కనీస సంఖ్యకు శాస్త్రీయ ఆధారం లేదని 1973లోనే చెప్పింది. నా ఉద్దేశంలో సంఖ్య గురించి జరిగే వాదన అసలు చోటును తప్పిస్తోంది. ముందే గుర్తించి రాసుకున్న ఎనిమిది స్పష్టమైన పాయింట్లు, నిందితుడి ముద్ర చూశాక దొరికిన పదిహేనుకంటే మేలు. మేఫీల్డ్ కేసు మన ఎనిమిది నియమాన్ని సునాయాసంగా దాటేసేది.

ఈ విషయంలో ఇప్పుడు తొందర ఎందుకంటే, మన నిల్వ వేగంగా పెరుగుతోంది. 2022లో వచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం శిక్ష పడినవాళ్లవే కాక అరెస్టయినవాళ్ల కొలతలు కూడా తీసుకోవడానికి దారి విస్తరించింది. ఆ వివరాలను 75 ఏళ్ల దాకా దాచవచ్చు. నిల్వ పెరిగితే దొంగ దొరికే అవకాశం పెరుగుతుంది, అది నిజమే. దాంతోపాటు, దొంగ కాని వాడి వేలు మరకకు యాదృచ్ఛికంగా దగ్గరగా ఉండే అవకాశమూ పెరుగుతుంది. పది వేల కార్డుల్లో పది పాయింట్ల పోలిక దొరికితే దాని బరువు వేరు. కోటి కార్డుల్లో యంత్రం ఏరి తెచ్చిన పది పాయింట్ల పోలిక బరువు వేరు. పోలీసులు ముందు వేరే ఆధారాలతో ఒకణ్ని పట్టుకుని, తర్వాత అతని ముద్ర సరిపోల్చిన కేసునూ, కంప్యూటర్ జాబితా నుంచే మొదలైన కేసునూ ఒకే గాటన కట్టకూడదు. నిపుణుడి నివేదికలో ఈ తేడా రాసి ఉండాలి.

భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్, అంతకుముందు పాత సాక్ష్య చట్టం 45వ సెక్షన్, వేలిముద్రల నిపుణుడు చెప్పేదాన్ని అభిప్రాయంగానే పరిగణిస్తాయి. అభిప్రాయం అంటే దాని వెనకున్న కారణాలు అడగవచ్చని అర్థం. మన సెషన్స్ కోర్టుల్లో సాధారణంగా దాఖలయ్యేది పెద్దవి చేసిన రెండు ఫొటోలు, రెంటి మీదా ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, బాణాలు. న్యాయమూర్తికి అది చూడగానే నమ్మకం కలుగుతుంది. అంకెలు అంకెలతో కలుస్తాయి కదా. కానీ ఆ చార్టు నిర్ణయం అయ్యాక గీసినది. కలిసినవే అందులో ఉంటాయి, కలవనివి ఉండవు. మేఫీల్డ్ పదిహేను పాయింట్లకూ అలాంటి చార్టే గీసి చూపించవచ్చు.

కాబట్టి డిఫెన్స్ న్యాయవాది అడగాల్సింది చార్టు కాదు, దానికి ముందున్న కాగితాలు. కంప్యూటర్‌లో వెతకడానికి మరక మీద ఏ పాయింట్లు గుర్తుపెట్టారో ఆ తెర చిత్రం, దాని తేదీ, సమయం. నిందితుడి ముద్ర చూశాక చేర్చిన పాయింట్లేవి, తీసేసినవేవి. మేఫీల్డ్ తర్వాత ఎఫ్‌బీఐ తన ప్రయోగశాలలో పెట్టుకున్న నియమం ఇదే: మరక విశ్లేషణ ముందే నమోదు కావాలి, తర్వాత జరిగే ప్రతి మార్పు విడిగా కనబడాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, రెండు రంగుల పెన్నులు చాలు. కలవని చోట్లు ఎన్ని, ఒక్కోదానికి చెప్పిన కారణమేమిటి, ఆ కారణానికి మరకలోనే వేరే గుర్తు ఉందా లేక సర్దుబాటు కోసం ఊహించినదా అన్నది కూడా అడగాలి. నిజంగా రెండుసార్లు తాకి ఉంటే గట్లు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోయిన జాడ ఎక్కడో కనబడుతుంది. జారి ఉంటే ఒకే దిక్కుకు సాగిన చారలు ఉంటాయి. జాడ లేని కారణం కారణం కాదు.

సరిచూసిన రెండో నిపుణుడికి మొదటి నిర్ణయం ముందే తెలుసా అన్నది ఇంకో ప్రశ్న. మరకనూ, నిందితుడి ముద్రతోపాటు కంప్యూటర్ జాబితాలోని మరో నాలుగు దగ్గరి ముద్రలనూ పేర్లు లేకుండా కలిపి అతనికి ఇస్తే, సరిచూడటం అన్న మాట నిజమవుతుంది. ఆ నాలుగు ముద్రలు ఎలాగూ వ్యవస్థలోనే ఉంటాయి, కొత్తగా తేవాల్సిన పని లేదు. చిన్న బ్యూరోలో ఇద్దరే నిపుణులుంటే, వాళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లయితే, ఆ కవరు పక్క జిల్లా బ్యూరోకు వెళ్లాలి.